బండలా, టైల్సా? ముందు కిందేముందో చూద్దాం రా

మొన్న మధ్యాహ్నం మా పిన్ని కూతురు టైల్స్ షాపులోంచి ఫోన్ చేసింది. గొంతు వింటే ఏడుపొక్కటే తక్కువ. "అక్కా, మూడు గంటల్నుంచి ఇక్కడే ఉన్నాం. నాకు నచ్చింది ఆయనకి నచ్చట్లేదు. మామగారేమో తాండూరు బండలు వెయ్యండి, చల్లగా ఉంటాయి అంటున్నారు. మేస్త్రి గ్రానైట్ అంటున్నాడు. షాపాయన మాత్రం ఇప్పుడు బండలెవరు వేస్తున్నారమ్మా అని నవ్వుతున్నాడు. ఏం చెయ్యను?"

"ఏమీ కొనకు. కాసిని మంచినీళ్ళు తాగి మా ఇంటికి వచ్చెయ్" అన్నాను.

అమలాపురం దగ్గర ఇల్లు కట్టుకుంటోంది పాపం. చుట్టూ కొబ్బరి తోటలు, రెండడుగులు తవ్వితే నీళ్ళు. ఉక్కపోతకి గోడలకే చెమట పట్టే ఊరు. అలాంటి చోట నేల గురించి బెంగ పడటంలో తప్పేముంది? గోడ రంగు నచ్చకపోతే రెండేళ్ళకి మార్చుకుంటాం. నేల అలా కాదు కదా. సామానంతా బయట పెట్టి, దుమ్ములో దగ్గుతూ, నెల రోజులు ఎవరింట్లోనో తలదాచుకోవాలి. అందుకే టీ పెట్టి, దాన్ని కూర్చోబెట్టి ఒక్కొక్కటే చెప్పాను. ఇల్లు కట్టుకుంటున్న మనవాళ్ళు ఇంకా ఉన్నారు కదా, మీక్కూడా చెబుతాను.

ముందు ఆ "చల్లగా ఉంటాయి" అన్న మాట సంగతి తేల్చుకుందాం. మామగారు అబద్ధం చెప్పలేదు. రాయి మీద కాలు పెడితే మన ఒంట్లో వేడిని అది గబగబా లాగేసుకుంటుంది, అందుకే చల్లగా తగులుతుంది. ఈ పనిలో గ్రానైట్ అందరికంటే ముందుంటుంది, తాండూరు, షాబాద్ లాంటి నాపరాళ్ళు దాని తర్వాత, విట్రిఫైడ్ టైల్ ఇంకొంచెం వెనక. కళ్ళు మూసుకుని నడిస్తే టైల్‌కీ నాపరాయికీ తేడా చెప్పడం కష్టమే. చెక్క నేలతో పోలిస్తే ఈ మూడూ చల్లనివే.

మరి తాతగారింట్లో మండువేసవిలో కూడా నేల మీద పడుకుంటే నిద్ర పట్టేసేది కదా? పట్టేది. ఆ చల్లదనంలో ఎక్కువ పాలు కింద ఉన్న మట్టిది. పైన పెంకుల కప్పు, మందం గోడలు, చుట్టూ వసారా, నేల మీద ఎండ పొడ పడనివ్వని చూరు, ఇవన్నీ కలిసి ఆ మట్టి వేడెక్కకుండా కాపాడేవి. అవే బండలు తీసుకెళ్ళి మొదటి అంతస్తులో, నేరుగా డాబా కింద ఉన్న గదిలో పరిచి చూడండి. సాయంత్రం నాలుగింటికి అవీ వెచ్చగానే ఉంటాయి. పైనుంచి శ్లాబు కొలిమిలా కాలుతుంటే కింద రాయి ఏం చేస్తుంది? ఆ గదికి కావలసింది డాబా మీద సున్నం గానీ తెల్ల పెయింటు గానీ. చల్లదనం కోసమే అయితే కింది అంతస్తుకి రెండూ సరిపోతాయి, పై అంతస్తుకి రెండూ సరిపోవు. ఈ ఒక్క ముడి విప్పేసరికి మా చెల్లి ముఖంలో సగం బెంగ పోయింది.

మన తీరం ఇళ్ళల్లో అసలు ఇబ్బంది ఉక్క, చెమ్మ. చలికాలం వెళ్ళి దక్షిణపు గాలి మొదలయ్యే రోజుల్లోనూ, ముసురు పట్టినప్పుడూ పొద్దున్నే లేచేసరికి నేలంతా ఎవరో తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వకుండా వెళ్ళినట్టు ఉంటుంది, చూశారా? రాత్రి చల్లబడిన నేలకి సముద్రపు తేమగాలి తగిలి నీరై కూర్చుంటుంది. చల్లటి చెంబు బయట నీటిబొట్లు పట్టినట్టే. నేల ఎంత చల్లగా ఉంటే అంత చెమరుస్తుంది, కాబట్టి చల్లదనం కోరుకున్నవాళ్ళు దీనికి సిద్ధపడాల్సిందే. నున్నగా మెరిసే టైల్ మీద, పాలిష్ గ్రానైట్ మీద ఆ నీరు అద్దం మీద నూనెలా నిలుస్తుంది. గరుకుగా వదిలేసిన నాపరాయి మీదా చెమరుస్తుంది, కానీ కాలికి కాస్త పట్టు దొరుకుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచే ఇంట్లో ఈ తేడా చిన్నదేం కాదు.

అయితే చెమ్మ అంతా గాలిలోంచే రాదు. కొంత భూమిలోంచి పైకి పాకుతుంది. రెంటికీ మందు వేరు, అందుకే ఏది ఏదో ముందే తెలుసుకోవాలి. చాలా తేలిక. కింద కాంక్రీటు వేసి, తడిపి, బాగా ఆరబెట్టాక రెండడుగుల పాలిథిన్ ముక్క దాని మీద పరిచి, నాలుగు వైపులా టేపు గాలి దూరకుండా అంటించండి. ఒక రోజు అలా వదిలెయ్యండి. మర్నాడు షీటు పైన తడి ఉంటే గాలిది. షీటు కింద తడి ఉంటే, లేదా కాంక్రీటు అక్కడ నల్లబడితే అది భూమిది. గాలి చెమ్మ అయితే ఆ పూట కిటికీలు మూసి ఫ్యాను తిప్పితే ఆరిపోతుంది. భూమి చెమ్మ అయితే ఎంత ఖరీదైన టైలూ, ఎంత గొప్ప రాయీ ఏమీ చెయ్యలేవు.

ఇంకా కాంక్రీటు వెయ్యని వాళ్ళు అదృష్టవంతులు, వినండి. పునాది మధ్యలో నింపే మట్టిని ఒకేసారి కుమ్మరించనివ్వకండి. అరడుగు మందాన పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టించాలి. నల్లరేగడి మట్టితో నింపడం అసలొద్దు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. గ్రావెల్‌తోనో ఇసకతోనో నింపాలి. మన కోనసీమలో చౌకగా దొరుకుతుంది కదా అని ఉప్పునేలల ఇసక గానీ, సముద్రపు ఇసక గానీ తోలించారో, ఆ ఉప్పు తర్వాత ఎక్కడ తేలుతుందో చెబుతాను. దాని పైన మందపాటి పాలిథిన్ షీటు, 250 మైక్రాన్లది, అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి అరడుగు ఎక్కేలా పరిచి, ఆ పైన నాలుగంగుళాల కాంక్రీటు వెయ్యాలి. ఇంటి మొత్తం ఖర్చులో షీటు ఖర్చు లెక్కలోకి రాదు. మేస్త్రి అడక్కపోతే అది గుర్తు చెయ్యాల్సింది మనమే.

ఇప్పుడు నా కథ చెబుతాను. నవ్వకండి.

కాకినాడలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు హాల్లో తెల్లగా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ వేయించుకున్నాం. అతుకు కనిపించకూడదని నేనే పట్టుబట్టాను. "గీత కూడా కనబడకుండా వేస్తానమ్మా" అని మేస్త్రి ఒకదానికొకటి ఆనించి బ్రహ్మాండంగా వేశాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నాలుగేళ్ళు గడిచాయి. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, అన్నాలు తిని కునుకు తీస్తున్నాం. హాల్లో ఢామ్మని చప్పుడు. సిలిండరే పేలిందనుకుని పిల్లల్ని బయటికి లాక్కెళ్ళాం. వచ్చి చూస్తే హాలు మధ్యలో నాలుగు టైల్స్ గుడారంలా పైకి లేచి ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి.

లేచిన టైల్ తిప్పి చూశాను. వెనక భాగం కడిగి పెట్టినంత శుభ్రంగా ఉంది. కింద నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి, ఇడ్లీల్లా సిమెంటు ముద్దలు. మిగతా అంతా బోలు. నాలుగేళ్ళ పాటు మేం ఆ ఐదు ఇడ్లీల మీద నడిచామన్నమాట.

కోపమైతే వచ్చింది గానీ, తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే అర్థమైంది. ఆ మేస్త్రి ఇరవై ఏళ్ళు బండలు పరిచినవాడు. ఇసక సిమెంటు మాలు పరిచి, పైన సిమెంటు పాలు పోసి, బండ పెట్టి సుత్తితో తట్టి కూర్చోబెట్టడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. నాపరాయికి అది చక్కగా పని చేస్తుంది. ఎందుకంటే దాని వెనక భాగం గరుకు, కాస్త నీటిని పీల్చుకుంటుంది, ఆ నీటితో పాటే సిమెంటు దాన్ని పట్టుకుంటుంది. పైగా అంగుళం దాకా మందం, బరువుకి కదలదు. విట్రిఫైడ్ టైల్ గుణం అందుకు పూర్తిగా వ్యతిరేకం. అది నీటిని పీల్చుకునేది 0.5 శాతం లోపే, గాజులాంటిది. నీళ్ళు పీల్చని దాన్ని సిమెంటు ఏం పట్టుకుంటుంది? పైన కూర్చున్నట్టు ఉంటుంది, అంతే. దాని వెనక బట్టీలో అతుక్కోకుండా పూసిన తెల్లపొడి కూడా ఉంటుంది, అది తుడవకపోతే ఉన్న కాస్త పట్టు కూడా పోతుంది.

ఇక ఎండ సంగతి. పదహారడుగుల పొడవు టైల్స్ వరస, ఇరవై డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు పైన సాగుతుంది. అంతేనా అంటారేమో! అవతల గోడ, ఇవతల గోడ, మధ్యలో సందు లేదు. దీనికి తోడు కొత్త శ్లాబు ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ముడుచుకుంటూ ఉంటుంది. పోవడానికి దారి లేక ఆ టైల్స్ వరస పైకి లేస్తుంది. "గీత కనబడకూడదు" అని నేను పట్టిన పట్టు కూడా ఆ ఢామ్ చప్పుడులో ఉంది, ఒప్పుకోవాలి కదా.

అందుకే విట్రిఫైడ్ వేయించుకునే వాళ్ళకి మూడు సంగతులు ఖచ్చితంగా చెబుతాను, ఈ మూడింట్లో బేరం లేదు. ఒకటి, కింద సిమెంటు పూత ముందే సమంగా వేయించి, వారం రోజులు తడిపి, ఇంకో రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఎగుడుదిగుళ్ళు అక్కడే సరిచేసుకోవాలి. టైల్ కింద గమ్ముతో సరిచేద్దామనుకుంటే మళ్ళీ ఇడ్లీలే. రెండు, టైల్ అతికించే గమ్ము వాడాలి. పళ్ళున్న తాపీతో నేల మీద గీతలు గీతలుగా పరిచి, టైల్ పెట్టి ఆ గీతలకి అడ్డంగా కొద్దిగా అటూఇటూ జరిపి నొక్కాలి. రెండు బై నాలుగు లాంటి పెద్ద టైల్ అయితే వెనక కూడా పలచగా పూయాలి. మన ఎండల్లో ఆ గమ్ము పైన తొందరగా పొర కడుతుంది, కాబట్టి చేతికి అంటుకునేంత తడి ఉన్నప్పుడే టైల్ పెట్టాలి. హాలంతా ఒకేసారి పూసి టీకి వెళ్ళొస్తానంటే ఒప్పుకోకండి. మూడు, టైల్‌కీ టైల్‌కీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు స్పేసర్లు పెట్టి వదలాలి, గోడల చుట్టూ ఇంకొంచెం ఎక్కువ, అర సెంటీమీటరు పైన వదలాలి. ఆ గోడ సందులో సిమెంటు నింపకూడదు. స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది, ఎవరికీ కనబడదు.

పని జరుగుతుండగా తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. అప్పుడే వేసిన టైల్ ఒకటి ఎత్తి చూపించమనండి. వెనకంతా గమ్ము పరుచుకుని ఉంటే సరే. మధ్యలో టైల్ రంగు బోలెడంత కనిపిస్తే పని ఆపించండి. గమ్ము గట్టిపడ్డాక, మరో వారానికి, చెక్క కర్రతో ప్రతి టైల్ మీదా నాలుగు మూలలా, మధ్యలో తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చప్పుడు వస్తే మంచిది. డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మేస్త్రి లెక్క తేల్చే ముందు చెయ్యాల్సిన పని ఇది, తర్వాత కాదు. మొహమాటం ఎందుకమ్మా? మన ఇల్లే కదా.

ఇంత చెప్పేసరికి మా చెల్లి, "అయితే బండలే హాయి కదక్కా?" అంది. తొందరపడకు, దాని కథా విందువు.

మన వైపు దొరికే నేల రాళ్ళు రెండు రకాలనుకుందాం. తాండూరు, షాబాద్, బేతంచెర్ల, కడప నల్లరాయి, రాజస్థాన్ కోటా రాయి, ఇవన్నీ నాపరాళ్ళు, అంటే సున్నపు జాతి. పాలరాయి కూడా ఆ బంధువే. గ్రానైట్ మాత్రం వేరే జాతి, చీమకుర్తి నల్ల గెలాక్సీ లాంటివి. షాపులో అన్నీ నున్నగా పాలిష్ పట్టి పెడితే తేడా తెలియదు. ఇంటికి ఒక ముక్క తెచ్చుకుని దాని మీద నిమ్మకాయ పిండి, పావుగంట వదిలి, తుడిచి, వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. సున్నపు జాతి రాయి అయితే నిమ్మరసం పడ్డ మేర మెరుపు చచ్చి మచ్చలా కనబడుతుంది. గ్రానైట్‌కి ఏమీ కాదు, విట్రిఫైడ్‌కీ ఏమీ కాదు.

ఇప్పుడు చెప్పండి, మన వంటింట్లో పులుపు పడని రోజు ఉంటుందా? చింతపండు పులుసు పొంగుతుంది, నిమ్మచెక్క జారుతుంది, పచ్చడి పట్టే రోజు సరేసరి. వంటింటి నేలకి తాండూరు వేసుకుంటే ఏడాదిలో స్టవ్వు ముందు మెరుపు పోయిన మచ్చలు వస్తాయి. బాత్రూములు కడిగే యాసిడ్ అయితే ఇంకా ఘోరం, నురగలు కక్కుతూ రాయిని తినేస్తుంది. నాపరాయి ఉన్న ఇంట్లో యాసిడ్ సీసా గుమ్మం దాటి లోపలికి రాకూడదు.

ఇందాక చెబుతానన్న ఉప్పు సంగతి ఇక్కడే వస్తుంది. భూమి చెమ్మ పైకి పాకుతూ మట్టిలో, ఇసకలో ఉన్న ఉప్పుని మోసుకొస్తుంది. బండల అతుకుల వెంట తెల్లని పొడి తేలుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, నీరు ఆరేసరికి మళ్ళీ వస్తుంది. అది పోవాలని కొందరు యాసిడ్‌తో కడుగుతారు. చూశారుగా, రోగం కంటే మందు చేటు. కింద షీటు వేసి, మంచి ఇసక పోసి ఉంటే ఆ బాధే లేదు. టైల్స్ ఇంట్లోనూ ఈ చెమ్మ ఉంటుంది గానీ టైల్‌లోంచి రాలేక అతుకుల్లోంచీ గోడ అంచుల్లోంచీ దారి వెతుక్కుంటుంది. కొత్తగా రంగు వేసిన గోడ కింది జానెడు మేర పెచ్చులూడుతోందంటే అదేనని అనుమానించాలి.

రాయికున్న గొప్ప గుణం కూడా చెప్పాలి, లేకపోతే మామగారికి అన్యాయం చేసినట్టవుతుంది. పదిహేనేళ్ళు తిరిగి తిరిగి మెరుపు పోయిందనుకోండి, మళ్ళీ మిషన్ పెట్టి పాలిష్ పట్టిస్తే కొత్తదే. ఆ మచ్చలూ పోతాయి. పైపొర పోతే లోపలా అదే రాయి కదా. పైన పలచగా డిజైన్ పూత ఉన్న టైల్‌కి ఆ అవకాశం లేదు. పూత అరిగితే అరిగినట్టే. అందుకే టైల్ కొనేటప్పుడు పగిలిన ముక్క ఒకటి అడిగి పక్కవాటు చూడండి. డబుల్ చార్జ్ అయితే పైన 3, 4 మిల్లీమీటర్ల మందాన రంగు పొర కనిపిస్తుంది, అది చాలాకాలం నిలుస్తుంది. డిజైన్ గీసి గ్లేజు పూసిన రకమైతే రంగు కాగితమంత పలచగా పైనే ఉంటుంది. చూడ్డానికి అదే అందం. కానీ వాకిట్లోంచి ఇసక కాళ్ళకి అంటుకుని లోపలికి వచ్చే ఊళ్ళో, గుమ్మం దగ్గర, సోఫా కాళ్ళ కింద, ముందు గీతలు పడేది దానికే. మెరిసేది మరీ తొందరగా. ఇలా అన్నానని నాకు గ్లేజు టైల్ అంటే పడదనుకోకండి, మా పూజగదిలో అదే వేయించాను, అక్కడ తిరుగుడెంత?

నాపరాయి కొనేటప్పుడు బండని నిలబెట్టి వేలితో కొట్టండి. ఖంగుమంటే మంచిది. మొద్దు చప్పుడు వస్తే లోపల పొర విడిందని అర్థం. నాపరాయి పొరలు పొరలుగా పుట్టిన రాయి కాబట్టి అంచుల దగ్గర పొట్టులా లేస్తోందేమో కూడా చూడాలి. పరిచాక పాలిష్ పట్టేటప్పుడు ఇల్లంతా బూడిదరంగు బురద అవుతుంది. ఆ పని అయ్యాకే అల్మారాలు, చివరి పూత రంగులు పెట్టుకోండి. ముందు రంగులేసి తర్వాత పాలిష్ పెట్టిన ఒక ఇల్లాలి కన్నీళ్ళు నేను చూశాను.

ఇంకొకటి, ఇది చాలామంది మర్చిపోతారు. గుమ్మాలు ఎత్తకముందే ఏది వేస్తారో నిర్ణయించుకోవాలి. బండకి మాలుతో కలిపి రెండు, రెండున్నర అంగుళాల మందం కావాలి. టైల్‌కి గమ్ముతో కలిపి అర అంగుళం పైన సరిపోతుంది. గది గదికీ వేర్వేరు వేస్తుంటే ఆ తేడా కింద కాంక్రీటులోనే సర్దుకోవాలి. లేకపోతే హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళే చోట చిన్న మెట్టు మిగిలిపోతుంది. అందరి కాలి వేళ్ళూ దానికే తగులుతాయి.

ఇన్ని మాటలయ్యాక మా చెల్లి ఇంటికి మేం తేల్చుకున్నది ఇది. హాలు, రెండు పడకగదులు డబుల్ చార్జ్ విట్రిఫైడ్, మరీ మెరుపు లేని రకం, లేత రంగు. వంటింట్లో నేలకి మెరుపు లేని విట్రిఫైడే, గట్టుకి గ్రానైట్. బాత్రూముల్లో గరుకు టైల్, దాని మీద తడి కాలితో రుద్దితే చర్మానికి పట్టు తెలియాలి. మెట్లకి గ్రానైట్, అంచున గాళ్ళు కొట్టించి. ఇక ముందు వసారాకీ, పెరటి అరుగుకీ పాలిష్ పట్టని పసుపు తాండూరు. ఎండ పడే చోట నల్ల గ్రానైట్ వేస్తే మధ్యాహ్నం పెనం మీద నడిచినట్టే కాబట్టి అక్కడ లేత రాయి. వాన జల్లు పడినా గరుకు కాబట్టి జారదు. సాయంత్రం మామగారు కుర్చీ వేసుకునేది వసారాలోనే కనక ఆయన రాయి ఆయన కాళ్ళ కిందే ఉంటుంది. ఆ మాట విని ఆయన కూడా నవ్వేశారట.

చివరగా హాలు లెక్క ఒకటి వేసి చూపించాను, మీకూ పనికొస్తుంది. హాలు 14 అడుగులు, 16 అడుగులు. మొత్తం 224 చదరపు అడుగులు. షాపులో రెండు బై రెండు అంటారు గానీ ఆ టైల్ నిజానికి 600 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులకి కాస్త తక్కువ. నాలుగు టైల్స్ ఉన్న పెట్టెకి వచ్చేది పదహారు కాదు, పదిహేనున్నర చదరపు అడుగులు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. 224ని పదిహేనున్నరతో భాగిస్తే పద్నాలుగున్నర పెట్టెలు. కోతల్లో పోయేదానికి నూటికి ఐదు కలిపితే పదిహేను దాటుతుంది. గోడల చుట్టూ నాలుగంగుళాల స్కర్టింగ్‌కి తలుపులు పోను సుమారు 52 అడుగులు, ఒక టైల్‌లోంచి పది అడుగుల దాకా ముక్కలు వస్తాయి కాబట్టి ఇంకో ఆరు టైల్స్, అంటే ఒకటిన్నర పెట్టె. మొత్తం పదిహేడు. ఇంకొకటి విడిగా కొని అటక మీద దాచుకోవాలి, పద్దెనిమిది. గమ్ము 20 కిలోల బస్తా ఒక్కొక్కటి యాభై అడుగుల లోపు పరుచుకుంటుంది కాబట్టి ఐదు బస్తాలు.

ఆ పద్దెనిమిది పెట్టెల మీదా బ్యాచ్ నంబరూ షేడ్ నంబరూ ఒకటేనా అని దించుకునేటప్పుడే చూసుకోవాలి. వేరే బ్యాచ్ అయితే అదే పేరు, అదే డిజైన్ అయినా రంగు పావు పిసరు తేడా ఉంటుంది. పరిచాక పగటి వెలుతుర్లో తెలుస్తుంది. అటక మీద దాచే పెట్టె విలువ కూడా అందుకే. నాకు ఆ నాలుగు టైల్స్ లేచినప్పుడు అదే రంగు ఎక్కడా దొరకలేదు. ఇప్పటికీ మా హాలు మధ్యలో కొంచెం తెల్లగా ఒక చదరం ఉంది, దాని మీద చాప వేసి ఉంచుతాను.

మా చెల్లి ఇంట్లో వచ్చే వారం టైల్స్ పని మొదలు. నేనూ వెళుతున్నాను, చెక్క కర్ర పట్టుకుని. మీ ఇంట్లో మొదలయ్యే రోజు మొదటి వరస అయ్యేదాకా దగ్గర కూర్చోండి, ఒక టైల్ ఎత్తించి వెనక వైపు మీ కళ్ళతో చూడండి.